ఎక్సెల్ స్వయంగా నేర్చుకుందాం – 6వ పాఠం: డాలర్ గుర్తు, F4 కీ

ఫార్ములా ఉన్న సెల్ మూలను పట్టి లాగి కాపీ చేయడం కిందటి పాఠంలో చూశాం. అలా లాగినప్పుడు లెక్క ఎక్కడ తప్పుతుందో ఈసారి మన చేతులతోనే చేసి చూద్దాం.

కొత్త షీటులో ఒక వడ్డీ పట్టిక వేయండి. A2, A3, A4 సెల్‌లలో అసలు: 10000, 25000, 50000. B1, C1, D1లలో నూటికి నెలకు వడ్డీ: 1, 1.5, 2. ఇప్పుడు B2లో ఇలా రాయండి:

```
=A2*B1/100
```

100 వచ్చింది, సరిపోయింది. దాన్ని కింది B3కి కాపీ చేస్తే మాత్రం 25000 వస్తుంది. పాతిక వేల అప్పుకు నెలకు పాతిక వేల వడ్డీ! B3 మీద F2 నొక్కి చూడండి. అక్కడ ఇలా ఉంటుంది:

```
=A3*B2/100
```

మనం B1 అని రాసినా, ఎక్సెల్ దాన్ని ‘నా పై సెల్’ అనే అర్థం చేసుకుంది. B3కి పై సెల్ B2 కదా. ఇలా స్థానాన్ని బట్టి మారేది రిలేటివ్ రిఫరెన్స్. B2ను కుడివైపు C2కు కాపీ చేస్తే 150 రావలసిన చోట 1.5 వస్తుంది. నాకు దీనితోనే ఎక్కువ భయం. పాతిక వేలు కంటికి కొడుతుంది గానీ, పెద్ద పట్టికలో ఒకటిన్నర ఎవరి కంటా పడదు.

మారకూడని దాని ముందు డాలర్ గుర్తు పెట్టాలి. దాన్ని టైపు చేయనక్కర్లేదు. B2లో F2 నొక్కి, కర్సర్‌ను A2 అనే అక్షరాల మీదికి తెచ్చి F4 నొక్కుతూ ఉంటే అది $A$2, A$2, $A2గా మారి, నాలుగోసారికి మళ్లీ A2 అవుతుంది. రెండు డాలర్లున్నది అబ్సల్యూట్ రిఫరెన్స్, ఎక్కడికి కాపీ చేసినా కదలదు. ఇక్కడ రెండింటినీ అలా బిగిస్తే పట్టిక అంతా 100తో నిండిపోతుంది. మనకు కావలసింది సగం బిగింపే. అసలు ఎప్పుడూ A నిలువు వరుసలోనే ఉంటుంది కాబట్టి A2 మీద మూడుసార్లు, వడ్డీ రేటు ఎప్పుడూ 1వ అడ్డ వరుసలోనే ఉంటుంది కాబట్టి B1 మీద రెండుసార్లు F4 నొక్కండి:

```
=$A2*B$1/100
```

ఎంటర్ నొక్కి, ముందు కుడివైపు D2 దాకా, తర్వాత ఆ మూడు సెల్‌లనూ కలిపి 4వ వరుస దాకా లాగండి. D4లో 1000 రావాలి. అక్కడ F2 నొక్కితే $A4, D$1 కనిపించాలి. నేనైతే ఏ పట్టికలోనైనా ఇలా చివరి మూల సెల్‌ను తెరిచి చూడకుండా ముందుకు వెళ్లను.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో Fn కీతో కలిపి F4 నొక్కాలి. మ్యాక్‌లో అయితే Command, T కలిపి నొక్కాలి. ఒక జాగ్రత్త: సెల్ లోపల కర్సర్ లేనప్పుడు F4 నొక్కితే ఎక్సెల్ మీరు చివరిగా చేసిన పనిని మళ్లీ చేస్తుంది. అంతకుముందే ఒక వరుసను తొలగించి ఉంటే మరో వరుస కూడా పోతుంది. అలా జరిగితే వెంటనే Ctrl+Z నొక్కండి.