బ్రహ్మోత్సవాల యానిమేషన్ కుదిస్తున్నారా? ముందు భుజాలు చూసుకోండి

మొన్న తిరుపతిలో ఒక ఫోను యాప్ పరీక్ష జరిగింది. హారతి ఇచ్చే స్త్రీ బొమ్మ, రెండు చేతులా పళ్లెం. యానిమేటర్ కంప్యూటర్‌లో ఎంతో చక్కగా ఉన్న క్లిప్, ఫోనులోకి వచ్చేసరికి ఎడమచేతి వేళ్లు పళ్లెం లోహంలోకి దిగబడి కనిపించాయి. పని చేయించుకున్నవారు అక్కడికక్కడే తిప్పి పంపారు. బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాయి. ఊళ్లో చాలామంది ఇలాంటి క్లిప్పులనే కుదిస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఫైలు సైజు తగ్గించే ఈ కుదింపు ఎందుకు, ఎలా అన్నవి మీకు తెలిసినవే. నేను పదేపదే చూస్తున్న పొరపాటు ఒక్కటే: వేళ్లు జారాయని వేళ్ల టాలరెన్స్ బిగించడం. జారినది వేళ్ల దగ్గర కనిపిస్తుంది, పుట్టేది భుజం దగ్గర.

యూనిటీలో `Keyframe Reduction` పెడితే `Rotation Error` మామూలుగా 0.5 డిగ్రీలు ఉంటుంది. ఒక కీని తీసేసినా కర్వ్ అసలుకు అర డిగ్రీ లోపలే ఉంటే ఆ కీ పోతుంది. ఈ లెక్క బొమ్మ అస్థిపంజరంలోని ప్రతి బోనుకూ విడివిడిగా, దాని తల్లి బోనుతో పోల్చి జరుగుతుంది. భుజం నుంచి వేలి దాకా ఉన్న బోన్ల గొలుసు చివర ఏం పోగైందో ఎవరూ చూడరు. అర డిగ్రీ తేడా మీటరు దూరంలో దాదాపు 9 మిల్లీమీటర్లు అవుతుంది.

ఆ హారతి క్లిప్‌నే తీసుకోండి. పళ్లెం కుడి అరచేతికి అతికించి ఉంది, ఎడమ వేళ్లు దాని అంచును పట్టుకోవాలి. వేలి కొన నుంచి ఎడమ కాలర్ ఎముక 50 సెంటీమీటర్లు, భుజం 45, మోచేయి 35, మణికట్టు 15 దూరం అనుకుందాం. తప్పులన్నీ ఒకే వైపు మొగ్గితే ఈ నాలుగింటి వల్లే కొన 12 మిల్లీమీటర్లకు పైగా కదులుతుంది. వేలి మూడు కణుపులూ కలిపి ఇచ్చేది ఒకటిన్నర మిల్లీమీటరే. కుడివైపు ఇంకా ఘోరం: మణికట్టు తప్పు 30 సెంటీమీటర్ల పళ్లెం అవతలి అంచు దాకా సాగుతుంది, కుడి చేతి బోన్లన్నిటి తప్పులూ కలిపి అక్కడ మరో 17 మిల్లీమీటర్ల దాకా చేరవచ్చు. మొత్తం మూడు సెంటీమీటర్లు. అన్ని తప్పులూ ఒకేసారి ఒకే వైపు మొగ్గడం అరుదే, కానీ అందులో మూడో వంతు వచ్చినా వేలు పళ్లెంలోకి దిగినట్టే. ఇందులో వేళ్లను ఎంత బిగించినా మీకు దక్కేది ఆ ఒకటిన్నర మిల్లీమీటరే. భుజాన్ని బిగించండి.

నడుము, వెన్ను సంగతి? ఈ స్పర్శకు అవి అడ్డురావు. రెండు చేతులూ ఛాతీ మీదే పుట్టాయి కాబట్టి ఛాతీ కదిలితే రెండూ కలిసే కదులుతాయి. అందుకే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: ఏది దేన్ని తాకాలి, ఆ రెండింటికీ ఉమ్మడి బోను ఎక్కడుంది? దాని కింది గొలుసే మీ శత్రువు. హంసాస్య ముద్రలో బొటనవేలు, చూపుడువేలు విడిపోతే ఉమ్మడి బోను అరచేయి. అక్కడ మాత్రం వేళ్లనే బిగించాలి. పాదం నేల మీద జారితే నడుము నుంచి అంతా లెక్కే.

యూనిటీ దిగుమతి పేజీలో ఈ సంఖ్య ఫైలు మొత్తానికీ ఒక్కటే. కాబట్టి స్పర్శ ఉన్న క్లిప్పులను వేరే ఫైలుగా విడదీసి 0.1 పెట్టండి, పై మూడు సెంటీమీటర్లు ఆరు మిల్లీమీటర్లకు పడిపోతాయి. చాలకపోతే 0.05. దూరంగా నడిచే జనానికి 0.5 ఉండనివ్వండి, అక్కడే సైజు మిగులుతుంది. అన్‌రియల్‌లో ఏసీఎల్ అనే కుదింపు లైబ్రరీ వాడేవారికి తప్పు బోను దగ్గర కాక దానికి కాస్త దూరంలోని ఊహాబిందువు దగ్గర, గొలుసంతా కలిపి కొలుస్తారు. అది సరైన పద్ధతి. అయితే ఆ దూరం మామూలుగా 3 సెంటీమీటర్లే. పళ్లెం పట్టిన చేతికి అది చాలదు, పళ్లెం అవతలి అంచు దాకా పెంచండి.

ఇక మిగతావి.

కుదించని అసలు క్లిప్‌ను పక్కన నిలబెట్టి రెండింటి వేలి కొనల మధ్య దూరం ప్రతి ఫ్రేములోనూ కొలవండి. సగటు వద్దు, అత్యధికం చూడండి.

కీల మీద ఆగి చూడకండి. తప్పు కీల మధ్యలో ఉంటుంది.

మాయాలో ఒకసారి కీలు తగ్గించి, ఇంజిన్‌లో మళ్లీ తగ్గించకండి. రెండు తప్పులూ కలుస్తాయి.

లూప్ క్లిప్ అయితే చివరి ఫ్రేము, మొదటి ఫ్రేము పక్కపక్కన పెట్టి చూడండి.

పొడవాటి జడకు మొదటి బోన్లు బిగించండి, కొస వదులుగా ఉన్నా ఫర్వాలేదు. తిరగేసి చేయకండి.

పరీక్ష ఫోనులో, కెమెరాను చేతుల దగ్గరికి తెచ్చి చేయండి.

వేళ్లు జారితే వేళ్ల జోలికి పోకండి, ముందు ఉమ్మడి బోను వెతకండి. అది అరచేయి అయితే తప్ప భుజం నుంచే మొదలుపెట్టండి.

పళ్లెం మోడల్ పెద్దది చేస్తే కొలత మళ్లీ మొదటినుంచి.