కలిసే ఊరిని కిలోమీటర్లతో కాదు, గంటలతో ఎంచుకోండి

కూకట్‌పల్లిలో నేను, విజయవాడలో నా స్నేహితుడు. దూరం చూస్తే సూర్యాపేట దాదాపు సగం. కానీ నాకు హయత్‌నగర్ దాటడానికే గంటకు పైగా పడుతుంది. మ్యాప్స్‌లో ఆదివారం ఉదయం 11కి చేరేలా సమయం పెట్టి ఇద్దరం చూసుకున్నాం: నాకు మూడుంబావు గంటలు, వాడికి రెండుంబావు. తేడా గంట. అందులో సగం, అంటే అరగంట ప్రయాణమంత, నా వైపు జరిగితే చాలు. నాకు తగ్గినంతా వాడికి పెరుగుతుంది కదా. అలా నకిరేకల్‌లో కలిశాం.

తిరుగు ప్రయాణం కూడా విడిగా చూడండి. ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌లోకి వచ్చే రద్దీకి ఈ లెక్క మారిపోతుంది. అందుకే మేం మూడింటికల్లా బయల్దేరతాం.