పూజకు ముందు సంకల్పం ఎలా చెప్పుకోవాలి?

పూజలో ధ్యాన శ్లోకాలు, అష్టోత్తరాలు అందరికీ ఒకటే. మీకోసం మారేది సంకల్పం ఒక్కటే. ఎవరు, ఎక్కడ, ఏ రోజున, ఎందుకోసం, ఏ పూజ చేస్తున్నారో దేవుడి ముందు ప్రకటించడమే దాని పని. ఇవి చెప్పాకే పూజ మీదవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రికార్డింగుకు వదిలేయకుండా, మీ నోటితో మీరే చెప్పుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఫోనులో వీడియో పెట్టుకుని పూజ చేస్తున్నారు. అందులో గోత్రం, పేరు చెప్పుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తారు, కానీ సంవత్సరం పేరు మాత్రం రికార్డు చేసిన నాటిదే వినిపిస్తుంది. పాత వీడియోతో కూర్చుంటే ఎప్పుడో గడిచిపోయిన సంవత్సరానికి సంకల్పం చెప్పినట్టవుతుంది. కాబట్టి పూజకు ముందురోజే ఒక కాగితం మీద మీ సంకల్పం రాసుకోండి.

ఉదాహరణకు 2025 ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితిని తీసుకుందాం. హైదరాబాదులో ఉండే భారద్వాజ గోత్రీకుడు రవికుమార్ భార్యతో కలిసి పూజకు కూర్చున్నాడనుకోండి.

మొదట కాలం. గోడమీది తెలుగు క్యాలెండరు చాలు. ఉగాది నుంచి ఉగాది వరకు ఒకటే సంవత్సర నామం. ఆ ఏడు విశ్వావసు. జనవరి మధ్యలో వచ్చే సంక్రాంతి నుంచి జూలై మధ్య వరకు ఉత్తరాయణం, తర్వాత దక్షిణాయనం. చైత్రంతో మొదలుపెట్టి రెండేసి మాసాలకు ఒక ఋతువు కనుక శ్రావణ, భాద్రపదాలు వర్ష ఋతువు. పక్షం శుక్లం, తిథి చవితి. వారాలకు సంకల్పంలో వేరే పేర్లున్నాయి: ఆదివారం భాను, సోమవారం ఇందు, మంగళవారం భౌమ, బుధవారం సౌమ్య, గురువారం బృహస్పతి, శుక్రవారం భృగు, శనివారం స్థిర. ఆగస్టు 27 బుధవారం కనుక ‘సౌమ్య వాసరే’. నక్షత్రం చూసుకునే వీలు లేకపోతే ‘శుభ నక్షత్రే’ అంటే సరిపోతుంది.

తర్వాత దేశం. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. చాలా వ్రతపుస్తకాల్లో ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే’ అని ఉంటుంది. విజయవాడ వారికి అది సరిపోతుంది, ఎందుకంటే విజయవాడ శ్రీశైలానికి ఈశాన్యంగా, కృష్ణకు ఉత్తర గట్టున ఉంది. హైదరాబాదు శ్రీశైలానికి ఉత్తరాన, కొంచెం పడమరకు ఒరిగి ఉంది కనుక అక్కడ ‘వాయవ్య ప్రదేశే’ అంటారు. రెండు నదుల మధ్యే ఉంది కాబట్టి ఆ మాట మార్చనక్కరలేదు. తిరుపతి శ్రీశైలానికి ఆగ్నేయం, పైగా కృష్ణకు దక్షిణాన ఉంది. అక్కడివారు ‘కృష్ణా కావేర్యోః మధ్యదేశే’ అంటారు. మ్యాపులో ఒకసారి శ్రీశైలాన్ని, మీ ఊరిని చూసుకుంటే తేలిపోతుంది. ఊరు మారనంత వరకు మళ్ళీ చూడనవసరం లేదు.

అమెరికాలో ఉన్నవారు ‘జంబూద్వీపే భరతవర్షే’ అనకూడదు. అక్కడి పురోహితులు ‘క్రౌంచద్వీపే, రమణక వర్షే, ఐంద్రఖండే’ అని చెప్పిస్తున్నారు. తిథి కూడా అక్కడి పంచాంగం ప్రకారమే చూసుకోవాలి, మన ఊరి క్యాలెండరుతో ఒక రోజు తేడా రావచ్చు.

ఇక గోత్రం, పేరు. పెళ్ళయిన స్త్రీ భర్త గోత్రం చెప్పుకోవాలి. ఒంటరిగా పూజ చేసుకునే స్త్రీ ‘గోత్రవతీ, నామధేయవతీ’ అని చెప్పుకుంటుంది. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకోవడం ఆచారం.

చివరిది కోరిక, చేయబోయే పని. చేయగలిగినంతే చెప్పండి, ఎందుకంటే సంకల్పం చెప్పాక ఆ పూజ పూర్తిచేసి లేవాలి. ఐదు ఉపచారాలకే సమయం ఉంటే ‘షోడశోపచార’ అని పలికి మధ్యలో ఆపేయడం కంటే ‘పంచోపచార పూజాం కరిష్యే’ అనడం ఎంతో మంచిది. ‘యావచ్ఛక్తి’ అన్న మాటను ఎన్నడూ వదలకండి. నా శక్తి ఉన్నంత మేరకే చేస్తున్నానని ముందే విన్నవించుకునే మాట అది.

కాగితం సిద్ధమైతే కూర్చునే పద్ధతి తేలిక. పత్రి, పూలు, నైవేద్యం అన్నీ చేతికందేలా పెట్టుకోండి, సంకల్పం తర్వాత లేచి వెతుక్కోకూడదు. దీపం వెలిగించి, ఆచమనం చేసి, ప్రాణాయామం చేయండి. కుడిచేతిలో అక్షతలు, ఒక పువ్వు పట్టుకుని, ఎడమ అరచేతిని కుడి తొడ మీద వెల్లకిలా ఉంచి దానిపై కుడిచేయి మూసి, నెమ్మదిగా ఇలా చదవండి:

‘మమ ఉపాత్త సమస్త దురితక్షయ ద్వారా శ్రీ పరమేశ్వర ప్రీత్యర్థం, శుభే శోభనే ముహూర్తే, అద్య బ్రహ్మణః ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే, కలియుగే, ప్రథమపాదే, జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోః దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోః మధ్యదేశే, స్వగృహే, అస్మిన్ వర్తమాన వ్యావహారిక చాంద్రమానేన విశ్వావసు నామ సంవత్సరే, దక్షిణాయనే, వర్ష ఋతౌ, భాద్రపద మాసే, శుక్లపక్షే, చతుర్థ్యాం తిథౌ, సౌమ్య వాసరే, శుభ నక్షత్రే, శుభ యోగే, శుభ కరణే, ఏవం గుణ విశేషణ విశిష్టాయాం శుభతిథౌ, శ్రీమాన్ భారద్వాజ గోత్రః, రవికుమార నామధేయః, ధర్మపత్నీ సమేతః, అస్మాకం సహకుటుంబానాం క్షేమ స్థైర్య ధైర్య విజయ ఆయురారోగ్య ఐశ్వర్య అభివృద్ధ్యర్థం, శ్రీ వరసిద్ధి వినాయక దేవతా ప్రీత్యర్థం, యావచ్ఛక్తి ధ్యానావాహనాది షోడశోపచార పూజాం కరిష్యే.’

శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం వంటివి మన జీవితకాలంలో మారవు. మారేవి శ్రీశైలం దిక్కు మొదలు మీ పేరు వరకు, ఆపైన కోరిక, దేవత, పూజ. మీ కాగితంలో వాటి కింద గీత గీసుకుంటే వచ్చే ఏడు కూడా అదే పనికొస్తుంది.

‘కరిష్యే’ అనగానే ఉద్ధరిణెతో కొద్దిగా నీళ్ళు కుడిచేతిలో పోసుకుని, అక్షతలతో కలిపి వేళ్ళ చివర నుంచి ఎదురుగా ఉన్న పళ్ళెంలోకి వదలాలి. ఆ నీళ్ళను పూజలో వాడకండి, తర్వాత ఏదైనా చెట్టు మొదట్లో పోయండి.

సంస్కృతం పలకడం కష్టమైతే అవే వివరాలు తెలుగులో చెప్పుకోండి. అక్షరాలు తడబడుతూ అర్థం తెలియకుండా చదివేదానికంటే ఇదే మేలని నేననుకుంటాను:

‘స్వామీ, విశ్వావసు నామ సంవత్సరం, భాద్రపద శుద్ధ చవితి, బుధవారం నాడు, హైదరాబాదులోని మా ఇంట్లో, భారద్వాజ గోత్రంలో పుట్టిన రవికుమార్ అనే నేను నా భార్యతో కలిసి, మా కుటుంబం ఆయురారోగ్యాలతో ఉండాలని, తలపెట్టిన పనులు విఘ్నం లేకుండా సాగాలని కోరుకుంటూ, వరసిద్ధి వినాయకుడివైన నీ ప్రీతి కోసం నా శక్తి కొద్దీ షోడశోపచార పూజ చేస్తున్నాను.’

పూజంతా అయ్యాక మళ్ళీ అక్షతలు, నీళ్ళు తీసుకుని ‘అనయా ధ్యానావాహనాది షోడశోపచార పూజయా భగవాన్ సర్వాత్మకః శ్రీ వరసిద్ధి వినాయకః సుప్రీతః సుప్రసన్నో వరదో భవతు’ అంటూ పళ్ళెంలో వదలండి. మొదట చేస్తానన్న పూజను చేసి సమర్పించినట్టు. హడావుడిలో చాలామంది దీన్ని మరిచి నేరుగా కథాక్షతలు, ప్రసాదాల దగ్గరకు వెళ్ళిపోతారు. అందుకే ఈ వాక్యాన్ని కూడా అదే కాగితం అడుగున రాసి పెట్టుకోండి.