వీడియో మాటల్ని గైడ్‌గా మార్చడం, 3వ పాఠం: చివర్లో చెప్పిన "మెయిన్ ఆఫ్" ఎక్కడికి పోవాలి?

పోయిన పాఠంలో సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ మార్చే ఏడు నిమిషాల వీడియో తీసుకుని దాని ట్రాన్స్‌క్రిప్ట్ దింపుకున్నాం, ముక్కలైన లైన్లను వాక్యాలుగా కలిపాం, పక్కన టైములు మాత్రం తీసేయకుండా ఉంచాం గుర్తుందా? ఆ టైములు ఈరోజే పనికొస్తాయి. ముందు ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌లోంచి నాలుగు లైన్లు చూడండి.

0:50 ఫస్ట్ ఈ కప్పు కిందకి దించేస్తే ఇక్కడ మీకు ఇది కనపడుద్ది
2:15 కొత్తది 25 తీసుకోండి, సేమ్ ఉండాలి
3:05 స్క్రూడ్రైవర్‌తో ఇలా టచ్ చేశా చూశారా, దాంతో సేఫ్
4:40 ఆ, ఇంకోటి, మెయిన్ ఆఫ్ చేసుకుని చేయండి, నేను ముందే చేసేశా

నాలుగో లైన్ చూశారా? వీడియో చేసినాయన తప్పు చేయలేదు, కెమెరా ఆన్ చేయకముందే కరెంటు ఆపేశాడు, ఆ సంగతి నాలుగు నిమిషాల తర్వాత గుర్తొచ్చి చెప్పాడు. వీడియోలో అది నడిచిపోతుంది. అదే వరసలో మనం గైడ్ రాస్తే చదివేవాడు 6వ మెట్టు దగ్గర "కరెంటు ఆపండి" అని చదువుతాడు, అప్పటికి స్టూలెక్కి వైర్లు పట్టుకుని ఉంటాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండేది ఆయన చెప్పిన వరస. మనకు కావలసింది చేసే వరస.

అందుకని రాయడం మొదలుపెట్టకముందు ప్రతి వాక్యం పక్కన ఒక అక్షరం పెట్టండి. చేయాల్సిన పనికి ప, వస్తువు లేదా ముందే ఉండాల్సిన స్థితికి ముం, ప్రమాదానికి హె, మిగతా కబుర్లకు క. ఒకే వాక్యంలో రెండు ఉంటే రెండూ పెట్టండి. నేను పెట్టినప్పుడు దాదాపు సగం వాక్యాలకు క వచ్చింది, "మన ఛానల్ కొత్తగా చూసేవాళ్లు" దగ్గర్నుంచి వాళ్ల బావమరిది ఇంట్లో ఫ్యాన్ కథ దాకా. కాకపోతే కబుర్లు చదవకుండా కొట్టేయకండి. ఆ బావమరిది కథలోనే "ఫ్యాన్ మూలుగుతోంది, చేత్తో తిప్పితే తిరుగుతోంది" అని ఉంది. కెపాసిటర్ పోయిందని గుర్తుపట్టే లక్షణం వీడియో మొత్తంలో అదొక్కచోటే ఉంది, గైడ్‌లో అది మొదటి పేరాలోకి రావాలి.

ఇప్పుడు "ముం" గుర్తున్న వాక్యాలన్నీ ఒకచోటికి లాగండి. వీడియోలో మనిషి ఏ వస్తువు పేరూ ముందు చెప్పడు, అవసరమైనప్పుడు జేబులోంచి తీస్తాడు. టెస్టర్ మూడో నిమిషంలో, ఇన్సులేషన్ టేపు ఐదో నిమిషంలో వస్తాయి. స్టూలు గురించైతే అసలు మాటే లేదు, తెరమీద కనిపిస్తుందంతే. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్ ఒక్కటి చదివితే చాలదు, ఒకసారి సౌండ్ తీసేసి వీడియో చూడండి, చేతుల్లోకి ఏమేం వస్తున్నాయో రాసుకోండి.

రెండో లైన్లో "25" ఉంది కదా, అది ఆటోమేటిక్ క్యాప్షన్ విన్న తీరు. 2:15 దగ్గర వీడియో ఆపి చూస్తే కెపాసిటర్ మీద 2.5 µF, 440V అని అచ్చేసి ఉంది. ఒక్క చుక్క పోయింది, విలువ పదింతలైంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఏ అంకె కనిపించినా తెరమీద సరిచూసుకోకుండా గైడ్‌లోకి తేకండి. ఇంకో సంగతి, అన్ని ఫ్యాన్లకూ 2.5 ఉండదు, 2.25 ఉన్నవీ 3.15 ఉన్నవీ ఉంటాయి. కాబట్టి గైడ్‌లో "మీ పాత కెపాసిటర్ మీదున్న అంకే తెచ్చుకోండి" అని రాసి, 2.5ని ఉదాహరణగా ఇవ్వాలి. షాపులో చాలామంది దీన్ని కండెన్సర్ అంటారు, ఆ మాట కూడా ఒకసారి రాస్తే కొనేవాడికి తిప్పలు తప్పుతాయి. రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఈ పద్ధతి పనికిరాదన్నదీ ముందే రాయాలి, పైన కప్పు విప్పాక తెలిస్తే ఏం లాభం.

హెచ్చరికల దగ్గర కాస్త ఆగుదాం. ఈ వీడియోలో "జాగ్రత్త" అనే మాట పదకొండు సార్లుంది. అన్నీ గైడ్‌లో పెడితే మూడోదాని తర్వాత ఎవరూ చదవరు. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది చేయకపోతే మనిషికి దెబ్బ తగులుతుందా, వస్తువు పాడవుతుందా? రెండూ కాకపోతే అది హెచ్చరిక కాదు, మామూలు సలహా, మెట్టులోనే కలిపేయొచ్చు. అలా వడపోస్తే నాకు రెండే మిగిలాయి, కరెంటు, కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి. రెండూ ఆ మెట్టుకు ముందు రావాలి, కింద కాదు. కారణం కూడా ఒక్క వాక్యంలో చెప్పాలి, ఎందుకంటే ఉత్త "మెయిన్ ఆఫ్ చేయండి" అంటే మనవాళ్లు గోడమీది స్విచ్ నొక్కి సరిపెట్టుకుంటారు.

మూడో లైన్లోని "ఇలా టచ్ చేశా" సంగతి. ఇది, ఇక్కడ, ఇలా అనే మాటలు కనిపించిన ప్రతిచోటా ఆ టైముకి వెళ్లి చూసి, కంటికి కనిపించేదాన్ని మాటల్లో పెట్టాలి. నేను మొదటిసారి "కప్పు దించండి" అని రాసి మా బాబాయికిచ్చాను. ఆయన స్టూలెక్కి "ఏ కప్పురా, పైదా కిందదా?" అని అడిగారు. ఫ్యాన్ రాడ్డుకి రెండు కప్పులుంటాయన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు, వీడియోలో కెమెరా కిందదాని మీదే ఉంది మరి. కెపాసిటర్ ఏ కప్పులో ఉంటుందన్నది కూడా ఫ్యాన్‌ని బట్టి మారొచ్చు, కాబట్టి రెండో అవకాశం కూడా రాయాలి.

ఇన్ని చేశాక మొదటి శీర్షిక కింద భాగం ఇలా వచ్చింది:

కరెంటు ఆపడం

హెచ్చరిక: గోడమీది స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. వైరింగ్ తారుమారైన ఇళ్లలో స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఫ్యాన్ దగ్గర కరెంటు ఉంటుంది.

1. ముందు కరెంటున్న ప్లగ్గులో టెస్టర్ పెట్టి అది వెలుగుతోందని చూసుకోండి.
2. ఆ గదికి వెళ్లే ఎంసీబీ కిందకి దించండి. ఏదో తెలియకపోతే మెయిన్ దించండి.
3. స్టూలెక్కి, మోటారుకి ఆనుకుని ఉన్న కింది కప్పు స్క్రూ వదులు చేసి, కప్పును రాడ్డు మీదుగా పైకి జరపండి. కెపాసిటర్ అక్కడ లేకపోతే సీలింగ్ దగ్గరి కప్పు విప్పి చూడండి.
4. వైర్లు బిగించిన స్క్రూలన్నింటికీ టెస్టర్ ఆనించండి. ఒక్కచోట వెలిగినా దిగిపోండి.

ఇందులో 1వ మెట్టు వీడియోలో లేదు, నేను కలిపాను. పాడైన టెస్టర్ ఎలాగూ వెలగదు, దాన్ని నమ్మి చెయ్యి పెట్టడం ఎందుకు? ఇలా కలిపినవి తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించాకే ఉంచండి. 3వ మెట్టులో "పైకి" అని ఉంది చూడండి, ఆయన నోటితో "కిందకి" అన్నాడు గానీ తెరమీద చెయ్యి పైకే వెళ్లింది. మాటకీ చేతికీ తేడా వస్తే చేతినే నమ్మండి.

మిగతా శీర్షికలు కూడా పని ఏ దశలో ఉందో చెప్పేలా పెట్టాను: పాత కెపాసిటర్ విప్పడం, కొత్తది బిగించడం, తిప్పి చూడడం. వీడియో కింద ఆయనిచ్చిన భాగాల పేర్లు వాడలేదు, వాటిలో ఒకటి "అసలు ట్రిక్" అని ఉంది.

వచ్చే పాఠానికి పని: 3:05 లైన్ తీసుకుని దాన్ని ఒక హెచ్చరికగా, ఒక మెట్టుగా విడగొట్టి రాయండి. స్క్రూడ్రైవర్ ఏ భాగం పట్టుకోవాలి, ఇనుప కొన ఏ రెండు చోట్ల ఒకేసారి ఆనాలి, చేయకపోతే ఏమవుతుంది, మూడూ రావాలి. చిన్న క్లూ, కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జి కొట్టే షాక్ చిన్నదే కావచ్చు, కానీ మనిషి ఉన్నది స్టూలు మీద.