ఖర్చు పెరిగినా ఐసు దిమ్మ రేటు ఎందుకు కదలదు? మెలిక డిమాండ్ రేఖను గీసి, లెక్క కట్టి చూడటం ఎలా?

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు పట్టుబడి జరిగిందంటే ముందుగా కావాల్సింది ఐసు. ఒక ప్రాంతంలో ఐసు ఫ్యాక్టరీలు మూడో నాలుగో ఉన్నాయనుకోండి. ఎవరి రేటెంతో అందరికీ తెలుసు. అమ్మేవాళ్లు కొద్దిమందే ఉండి, ఒకరి నిర్ణయం మిగతావాళ్ల అమ్మకాలను నేరుగా తాకే ఇలాంటి మార్కెట్‌నే ఆర్థికశాస్త్రంలో పరిమితస్వామ్యం అంటారు. ఇలాంటి చోట ధరలు నెలల తరబడి ఒకే దగ్గర నిలిచిపోవడాన్ని వివరించడానికి 1939లో పాల్ స్వీజీ అమెరికాలోనూ, హాల్, హిచ్ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్‌లోనూ విడివిడిగా ఒకే ఆలోచన ముందుకు తెచ్చారు. అదే మెలిక డిమాండ్ రేఖ. పాఠ్యపుస్తకంలో బొమ్మ చూసి బట్టీ పట్టడం కన్నా, ఒక ఫ్యాక్టరీ లెక్క వేసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. కింది అంకెలన్నీ లెక్క కోసం నేను ఊహించుకున్నవి.

మొదట ఇప్పటి ధర దగ్గర చుక్క పెట్టండి

మన ఫ్యాక్టరీలో దిమ్మ రేటు 100 రూపాయలు, రోజుకు 200 దిమ్మలు పోతున్నాయి అనుకుందాం. చుట్టుపక్కల మరో రెండు ఫ్యాక్టరీలున్నాయి, వాటి రేటూ ఇంతే. నిలువు గీత మీద ధర, అడ్డ గీత మీద దిమ్మల సంఖ్య వేసి, 100కీ 200కీ ఎదురుగా చుక్క పెట్టండి. మెలిక పడేది ఇక్కడే.

పోటీదారు ఏం చేస్తాడో పైకీ కిందికీ వేర్వేరుగా అడగండి

ఈ మోడల్ ప్రాణమంతా ఈ అడుగులోనే ఉంది కాబట్టి తొందరపడొద్దు.

రేటు 110 చేశామనుకోండి. రొయ్యలు కొనే వ్యాపారి ఫోన్‌లో ఏమంటాడు? "మీరు పెంచేశారా అండీ? పక్క ఫ్యాక్టరీలో పాత రేటే కదండీ, ఇవాళ్టికి అక్కడ ఎత్తిస్తాలెండి." పక్కవాళ్లకు మనతో పాటు పెంచాల్సిన అవసరం లేదు. కదలకుండా కూర్చుంటే మన బేరాలు వాళ్లకే వస్తాయి. కాబట్టి మన అమ్మకం 200 నుంచి ఒక్కసారిగా 150కి పడిపోతుంది.

ఇప్పుడు 90కి తగ్గించామనుకోండి. ఈసారి పక్కవాళ్లు ఊరుకోరు. తమ బేరాలు జారిపోతాయని సాయంత్రానికే వాళ్లూ 90 అంటారు. ఇక మనకు కొత్తగా వచ్చేది ఐసు చవకైందని ఇంకాస్త ఎక్కువ వేయించుకునేవాళ్ల కొనుగోలు మాత్రమే. అమ్మకం 225కి చేరుతుంది, అంతే.

110కి 150, 100కి 200, 90కి 225. ఈ మూడు చుక్కలనూ కలపండి. పై ముక్క పడుకున్నట్టు ఉంటుంది, కింది ముక్క నిటారుగా దిగుతుంది. ధర కదిలితే అమ్మకం ఎంతగా కదులుతుందో చెప్పేదే వ్యాకోచత్వం. పై ముక్కలో అది ఎక్కువ, కింది ముక్కలో తక్కువ అని పుస్తకాలు చెప్పేది దీన్నే.

అదనపు దిమ్మకు అదనంగా ఎంత వస్తోందో తీయండి

ఇప్పుడు రోజువారీ రాబడి చూద్దాం. 100 దగ్గర 20,000 రూపాయలు. 110 దగ్గర 150 దిమ్మలకు 16,500. అంటే 50 దిమ్మలు వదులుకుంటే 3,500 పోయింది, దిమ్మకు 70 చొప్పున. 90 దగ్గర 225 దిమ్మలకు 20,250. ఇక్కడ 25 దిమ్మలు ఎక్కువ అమ్మినా వచ్చింది 250 మాత్రమే, అంటే దిమ్మకు 10.

పైకి వెళ్తే 70, కిందికి వెళ్తే 10. ఇలా ఒక్కో అదనపు దిమ్మకు వచ్చే రాబడినే ఉపాంత రాబడి అంటారు. దాని రేఖ మెలిక దగ్గర తెగిపోయి నిలువునా ఖాళీ పడుతుందని చెప్పే మాట ఇదే. పది రూపాయల బదులు రూపాయి, అర్ధరూపాయి చొప్పున కదిపితే ఈ ఖాళీ కొంచెం కుంచించుకుంటుంది. మన అంకెలకు అది 60కీ 20కీ మధ్య నిలుస్తుంది. అసలు హద్దులుగా వాటినే తీసుకోండి.

ఇప్పుడు ఖర్చును కదిపి చూడండి

ఒక్కో దిమ్మ అదనంగా తయారు చేయడానికి మనకు 35 రూపాయలవుతోంది అనుకుందాం. వేసవిలో మన బోరు నీళ్లు ఉప్పగా మారి, ట్యాంకర్లు తెప్పించుకోవాల్సి వచ్చింది. ఐదు వేల లీటర్ల ట్యాంకరు 1,500 రూపాయలు. యాభై కిలోల దిమ్మకు దాదాపు యాభై లీటర్ల నీళ్లు కావాలి కాబట్టి ఒక ట్యాంకరు వంద దిమ్మలకు సరిపోతుంది. దిమ్మకు 15 రూపాయల భారం పడి ఖర్చు 50కి చేరింది.

రేటు పెంచాలా? 100 దగ్గరే ఉంటే దిమ్మకు 50 మిగిలి, 200 దిమ్మలకు రోజుకు 10,000 వస్తుంది. 110 చేస్తే దిమ్మకు 60 మిగిలినా 150 దిమ్మలే కాబట్టి 9,000. 90 చేసినా 225 దిమ్మలకు 40 చొప్పున మళ్లీ 9,000. ఖర్చు దిమ్మకు 15 రూపాయలు పెరిగినా పాత రేటే అన్నిటికన్నా మేలు. లాభం తగ్గింది, ధర మాత్రం కదల్లేదు. ధర దృఢత్వానికి ఈ మోడల్ ఇచ్చే వివరణ ఇంతే: ఖర్చు 20కీ 60కీ మధ్య ఎక్కడ తిరిగినా 100ను వదలడం నష్టమే.

ఖాళీ దాటితే సంగతి వేరు. ఖర్చు 70 అయిందనుకోండి. రేటు 105కి పెంచితే 175 దిమ్మలకు 35 చొప్పున 6,125 మిగులుతుంది, 100 దగ్గరే ఉంటే 6,000. పక్కవాళ్లు కదలకపోయినా అప్పుడు పెంచడమే లాభం.

ఎక్కడ వాడకూడదో కూడా చూసుకోండి

పై లెక్కలో పెరిగింది మన ఒక్కరి ఖర్చే. కరెంటు చార్జీ పెరిగితే మూడు ఫ్యాక్టరీలకూ ఒకేసారి తగులుతుంది. ఎవరో ఒకరు ముందుగా పెంచగానే మిగతావాళ్లూ పెంచేస్తారు. అప్పుడు పై ముక్క పడుకుని ఉండదు, అక్కడ మెలికే ఉండదు. కాబట్టి కరెంటు చార్జీ పెరిగినప్పుడు రేట్లు కలిసి పెరిగాయంటే మోడల్ ఓడిపోయిందని కాదు, దాని షరతు అక్కడ లేదని అర్థం.

పట్టుబడులన్నీ ఒకేసారి వచ్చి ఐసు దొరకని రోజులు కూడా అంతే. పక్క ఫ్యాక్టరీలో దిమ్మలే లేనప్పుడు మన బేరం అక్కడికి ఎలా పోతుంది? ఖాళీ సామర్థ్యం ఉన్న పోటీదారులు ఉంటేనే పై ముక్క నిలుస్తుంది.

ఇంకో లోపం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: ఈ మోడల్ 100 దగ్గర ధర ఎందుకు నిలిచిందో చెబుతుంది గానీ, అసలు 100 ఎలా వచ్చిందో చెప్పదు. 70 దగ్గర మొదలైనా అక్కడా మెలిక గీయొచ్చు. హాల్, హిచ్ 38 మంది వ్యాపారులను అడిగినప్పుడు చాలామంది మొత్తం ఖర్చుకు కొంత లాభం కలిపి ధర పెడతామన్నారు. మొదటి ధరకు అలాంటి వివరణ ఏదో బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. 1947లో జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త పాత ధరల చరిత్ర తిరగేసి, సిగరెట్ల వంటి పరిశ్రమల్లో ఒకరు పెంచితే మిగతావాళ్లూ పెంచిన సందర్భాలు చూపించాడు. ఆ దెబ్బ తగిలింది సరిగ్గా మన రెండో అడుగు మీదే.

అందుకే మీ ప్రాంతంలో దేనికైనా ఈ బొమ్మ గీసే ముందు కొన్నాళ్ల రేట్లు తేదీలతో సహా రాసుకోండి. ఒకరు ఒంటరిగా పెంచి, మిగతావాళ్లు కదలక, మళ్లీ పాత రేటుకే దిగొచ్చిన సందర్భాలు కనిపిస్తే మెలిక ఉన్నట్టు. పెంచినప్పుడల్లా అందరూ రెండు మూడు రోజుల్లో కలిసి పెంచుతుంటే అక్కడ రేటు నిలవడానికి కారణం వేరే వెతకాలి: ముందే కుదుర్చుకున్న ఒప్పందమా, ఒకరి వెంట ఒకరు నడిచే అలవాటా, లేక ఖర్చులే మారలేదా అని.