వచ్చే నెల వ్యూస్ అంచనా తప్పుతోందా? ఒక పిండివంటల ఛానల్ లెక్క

సమస్య: జూలై 2025లో 2,20,000 వ్యూస్, ఆగస్టులో 3,10,000 వ్యూస్ వచ్చిన ఒక పిండివంటల యూట్యూబ్ ఛానల్ ఉందనుకుందాం. పెరుగుదల 41 శాతం కనుక అదే వేగంతో సెప్టెంబరులో 4,37,000 వస్తాయని అంచనా వేశారు. సెప్టెంబరు రెండో వారానికే రోజువారీ వ్యూస్ పడిపోయాయి. వీడియోల నాణ్యత తగ్గిందనో, యూట్యూబ్ తమ వీడియోలను చూపించడం మానేసిందనో అనుకుని థంబ్‌నెయిళ్లన్నీ మార్చడం మొదలుపెట్టారు.

కారణం: ఆగస్టులో పెరిగింది ఛానల్ కాదు, పండుగల గిరాకీ. 2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న, వినాయక చవితి ఆగస్టు 27న వచ్చి రెండూ ఒకే నెలలో పడ్డాయి. పూర్ణాలు, ఉండ్రాళ్ల వీడియోలకు ఆ నెలలో వచ్చిన వ్యూస్ పండుగ మర్నాటి నుంచే తగ్గిపోతాయి. అందుకే ముందు నెలతో పోల్చినప్పుడు అంచనా తప్పింది.

నిరుటి సెప్టెంబరుతో పోల్చినా తప్పే వస్తుంది. 2024లో చవితి సెప్టెంబరు 7న వచ్చింది, నవరాత్రులు అక్టోబరు 3న మొదలయ్యాయి. 2025లో చవితి ఆగస్టుకు జరిగింది, నవరాత్రులు సెప్టెంబరు 22నే మొదలయ్యాయి. అంటే పేరు ఒకటే అయినా ఆ రెండు సెప్టెంబర్లలో పండుగలు వేరు. ఆవకాయ వీడియోలకు ఈ చిక్కు లేదు. మామిడికాయ ఏటా వేసవిలోనే వస్తుంది కనుక వాటిని ఇంగ్లీషు నెలలతోనే పోల్చవచ్చు. పండుగ వంటలను మాత్రం పంచాంగంతోనే పోల్చాలి.

పరిష్కారం: మొత్తం వ్యూస్‌ను ఒకే సంఖ్యగా చూడకుండా మూడు భాగాలు చేయండి. యూట్యూబ్ అనలిటిక్స్‌లోని `Advanced mode`లో వీడియోలను గ్రూపులుగా పెట్టుకునే వీలుంది. పండుగ వంటలకు ఒక గ్రూపు, పప్పు, పచ్చడి వంటి నిత్య వంటలకు మరొకటి చేసి, గత నెల రోజులలో పెట్టిన కొత్త వీడియోలను విడిగా లెక్కించండి.

మన ఉదాహరణలో నిత్య వంటల పాత వీడియోలకు జూలైలో రోజుకు 4,900, ఆగస్టులో 5,000 వ్యూస్ వచ్చాయి. ఛానల్ నిజమైన పెరుగుదల ఇదే, నెలకు 2 శాతం. రోజుకు 5,100 చొప్పున సెప్టెంబరు 30 రోజులకు 1,53,000 అవుతుంది.

పండుగ భాగానికి తేదీలను వదిలి, పండుగ మొదలయ్యే రోజును సున్నాగా పెట్టి లెక్కించాలి. 2025 సెప్టెంబరు 20 నుంచి 30 వరకు, అంటే నవరాత్రులకు రెండు రోజుల ముందు నుంచి ఎనిమిది రోజుల తరువాత వరకు ఈ నెలలో పడతాయి. 2024లో వాటికి సరిపోయే రోజులు అక్టోబరు 1 నుంచి 11. ఆ పదకొండు రోజులలో నైవేద్యాల వీడియోలకు 45,000 వచ్చాయి. ఏడాదిలో నిత్య వంటల రోజువారీ వ్యూస్ 4,000 నుంచి 5,000కు పెరిగాయి కనుక 45,000ను 1.25తో గుణిస్తే సుమారు 56,000 వస్తుంది.

మరో సమస్య: నెలకు ఎనిమిది వీడియోలు పెట్టే చోట నాలుగే పెట్టబోతూ, అంచనాలో మాత్రం పాత సంఖ్యే ఉంచడం.

వీడియోల సంఖ్యను సగటు వ్యూస్‌తో గుణించినా సరిపోదు, ఎందుకంటే 24వ తేదీన పెట్టిన వీడియోకు ఆ నెలలో ఏడు రోజులే దక్కుతాయి. గత పది, పదిహేను వీడియోలకు 7, 14, 21, 28 రోజులలో వచ్చిన వ్యూస్ తీసి, ప్రతి గడువుకూ మధ్యస్థ విలువ, అంటే సంఖ్యలను వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ వచ్చేది రాసుకోండి. ఒక్కటి వైరల్ అయినా సగటు తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ ఆ విలువలు 4,000, 5,300, 6,200, 6,800 అనుకుంటే, 3, 10, 17, 24 తేదీలలో పెట్టే నాలుగు వీడియోలకు కలిపి సుమారు 22,000. ఆగస్టు చివర పెట్టిన వీడియోలకు సెప్టెంబరులో రావలసినవి మరో 4,000.

మొత్తం 2,35,000. దీనిని ఒక్క సంఖ్యగా చెప్పకండి. ఇదే పద్ధతిని గడచిన ఆరు నెలలకు వెనక్కి వేసి చూడండి. ఎక్కువలో ఎక్కువ తేడా 12 శాతం వస్తే, అంచనా 2,07,000 నుంచి 2,63,000 వరకు అని రాసుకోవాలి. అసలు వ్యూస్ ఆ పరిధి దాటి తగ్గినప్పుడే థంబ్‌నెయిళ్ల సంగతి ఆలోచించాలి, అదీ నిత్య వంటల గ్రూపు కూడా తగ్గితేనే.

షార్ట్స్ పెట్టేవారు వాటిని ఈ లెక్కలో కలపకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్స్ ప్లే అవడం మొదలైన ప్రతిసారీ వ్యూగా లెక్కిస్తున్నారు కనుక, అంతకు ముందు సంఖ్యలతో పోలిస్తే లేని పెరుగుదల కనిపిస్తుంది. పాత లెక్క `Engaged views` పేరుతో ఉంది, షార్ట్స్‌కు దానినే వాడండి.

2026కు అంచనా వేసేవారు పంచాంగం మళ్లీ తెరవాలి. అధిక జ్యేష్ఠం వస్తున్నందున చవితి సెప్టెంబరు 14కు, నవరాత్రులు అక్టోబరుకు జరుగుతాయి. 2026 సెప్టెంబరుకు పోలిక 2024 సెప్టెంబరులోనే దొరుకుతుంది, 2025లో కాదు.