ఓకే అయిన లోగోలో ఫాంట్ మార్చాల్సి వస్తే క్లయింటుకు ఉత్తరం ఎలా రాయాలి?

లోగో ఓకే అయింది, అడ్వాన్సు అందింది, స్టిక్కర్ల ప్రెస్సుతో రేటు కూడా మాట్లాడేశారు. తీరా అసలు సైజులో ప్రింటు తీసి చూస్తే పేరులో ఒక అక్షరం మరో అక్షరంలా కనిపిస్తోంది. ఫాంట్ మార్చక తప్పదు. "ముందే నచ్చిందని చెప్పాను కదా, మళ్ళీ ఎందుకు కదిలించారు?" అని క్లయింటు అడగక ముందే జవాబు చెప్పే ఉత్తరం మన దగ్గర సిద్ధంగా ఉండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్ళిలో స్థిరపడిన ఒకావిడ ఇంట్లో కందిపొడి, కరివేపాకు పొడి చేయించి అమ్ముతున్నారు. బ్రాండు పేరు "ధనియం" అనుకుందాం. ఆవిడ ముచ్చటపడి ఎంచుకున్నది కుంచెతో రాసినట్టుండే ఫాంట్. తలకట్లు లావుగా, తోకలు సన్నగా ఉంటాయి. ఫోనులో పెద్దదిగా చూస్తే నిజంగానే బాగుంటుంది.

1. ఏ అక్షరం, ఎక్కడ, ఎందుకు చెడుతోందో పట్టుకోండి

"చిన్న సైజులో క్లారిటీ లేదు" అని రాస్తే ఉత్తరం అక్కడే తేలిపోతుంది. క్లయింటుకు అది మన అభిరుచిలాగే వినిపిస్తుంది. ఏ గీత పోతోందో వేలు పెట్టి చూపించాలి.

ఇక్కడ ఆ గీత ధ అడుగున ఉంది. ద కింద చిన్న గీత దిగితే ధ అవుతుంది, దానికి లోపల చుక్క కూడా చేరితే థ. మూడింటికీ మధ్య ఉన్న తేడా అంతే. కుంచె ఫాంట్లలో ఆ అడుగు గీతే అన్నిటికంటే సన్నం. మన ఉదాహరణలో దాని మందం అక్షరం ఎత్తులో నలభయ్యో వంతు అనుకోండి. డబ్బా స్టిక్కర్ మీద మందం వరకైతే ఎలాగో గట్టెక్కుతుంది. బిల్లు మీద కథ వేరు. మామూలు థర్మల్ బిల్లు ప్రింటర్ మిల్లీమీటరుకు 8 చుక్కలు వేస్తుంది, అంటే ఒక చుక్క 0.125 మి.మీ. బిల్లు పైన లోగోలో అక్షరం ఎత్తు 4 మి.మీ. అయితే ఆ గీత మందం 0.1 మి.మీ. ఒక చుక్క కంటే తక్కువ. పడితే పడుతుంది, లేకపోతే లేదు. పడని బిల్లు మీద ఉండేది "దనియం".

స్టిక్కర్ మీద కారణం ఇంకొకటి. ముదురు ఎరుపు నేల మీద తెల్ల అక్షరాలంటే, ప్రెస్సులో తెల్లసిరా వేయరు. ఎరుపు వేసి అక్షరాన్ని ఖాళీగా వదిలేస్తారు. సిరా కాస్త పాకిందంటే అన్ని వైపుల నుంచీ అక్షరం లోపలికే వస్తుంది, సన్న గీతను ముందు మింగేస్తుంది. స్క్రీన్ మీద ఇది ఎన్నటికీ తెలియదు.

బెంగళూరులో ఇంకో లెక్క కూడా ఉంది. కర్ణాటకలో 2024లో సవరించిన చట్టం ప్రకారం దుకాణం బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలి. మిగిలిన 40 శాతంలోనే ఇంగ్లీషూ తెలుగూ సర్దుకోవాలి. ఆవిడ రేపు చిన్న కౌంటరు తెరిచినా తెలుగు పేరు బోర్డు మీద కూడా చిన్నగానే ఉంటుందన్న మాట.

2. పరీక్ష చేయండి, కానీ సరిగ్గా చేయండి

పాత ఫాంటునూ కొత్త ఫాంటునూ ఒకే పాయింటు సైజులో పెట్టి పోల్చకండి. తెలుగు ఫాంట్లలో ఒకే పాయింటుకు అక్షరం ఎత్తు ఒక్కోదానిలో ఒక్కోలా వస్తుంది. రెండింటిలో న ఎత్తు సమానంగా వచ్చేదాకా సర్దాకే పోల్చాలి. లేకపోతే పెద్దగా కనిపించిందే గెలుస్తుంది, ఆ గెలుపుకు అర్థం లేదు.

రెండింటినీ డబ్బా స్టిక్కర్ సైజులో ఒకసారి, బిల్లు సైజులో ఒకసారి ప్రింటు తీయండి. ప్రింట్ సెట్టింగుల్లో `Fit` కాకుండా `Actual size` ఉందో లేదో చూసుకోండి. వీలైతే ఆవిడ వాడే బిల్లు మిషను మీదే ఒక ముక్క తీయించండి. ఆ ముక్క పది వాక్యాల పెట్టు.

తర్వాత పేరు ముందే తెలియని, తెలుగు చదవగలిగిన కొందరికి చూపించండి. ఇక్కడే పుట్టిపెరిగిన మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా చదివేది కన్నడం, కాబట్టి ముందే అడిగి ఎంచుకోవాలి. ఒక మనిషికి ఒక ఫాంటే చూపాలి, రెండూ చూపితే రెండోది గుర్తుతో చదివేస్తారు. రెండు సెకన్లు చూపించి తీసేసి, ఏం చదివారో కాగితం మీద రాయమనండి. చెప్పమనొద్దు. మనలో చాలామంది ధను కూడా ద లాగే పలుకుతారు, చెవికి తేడా దొరకదు. లోగోలో ధనియాల బొమ్మ ఉంటే దాన్ని మూసేయండి. బొమ్మను చూసి ఊహించి సరిగ్గా రాసేస్తారు, అక్షరంలోని లోపం దాక్కుంటుంది.

ఫలితాన్ని శాతాల్లోకి మార్చకండి. పది మందిని అడిగి "40 శాతం తప్పు చదివారు" అని రాస్తే పెద్ద సర్వే చేసినట్టుంటుంది. "పది మందిలో నలుగురు" అంటే చాలు. వాళ్ళు రాసిన కాగితాల ఫొటో జతచేస్తే మరీ మంచిది.

3. ఉత్తరం రాయండి

వరుస ముఖ్యం. ఏం మారిందో మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. తర్వాత ఏం మారలేదో, ఆ తర్వాత కారణం, ఖర్చు, చివరికి మనకు కావలసిన జవాబు. మచ్చుకు:

> అక్కా, నమస్తే.
>
> లోగోలో "ధనియం" అన్న అక్షరాలకు వాడిన ఫాంట్ మార్చాలని ప్రతిపాదిస్తున్నాను. ధనియాల బొమ్మ, ఎరుపు రంగు, అమరిక, ఇంగ్లీషు పేరు ఏవీ మారలేదు. మీరు సరే అనేదాకా ప్రెస్సుకు ఏ ఫైలూ పంపను.
>
> కారణం ఇది. మనం ఖాయం చేసుకున్న ఫాంటులో ధ కింది గీత చాలా సన్నం. మీ బిల్లు మిషను మీద తీసిన ముక్క జతచేశాను, చూడండి. గీత పడలేదు, పేరు "దనియం" అని వచ్చింది. స్టిక్కర్ సైజులో పది మందికి చూపించి చదివింది రాయమంటే నలుగురు ద అనే రాశారు. కొత్త ఫాంటులో అదే సైజులో వేరే పది మందికి చూపిస్తే అందరూ ధ అని రాశారు. ఇది చిన్న పరీక్షే. కానీ తప్పు రాసిన నలుగురూ ఆ ఒక్క అక్షరం దగ్గరే పొరబడ్డారు.
>
> ఎలా చదివినా ధనియమే కదా అని మీకు అనిపించవచ్చు. కొనేవాళ్ళకు మాత్రం అది డబ్బా మీద అచ్చుతప్పులా కనబడుతుంది.
>
> కొత్తది అనేక్ తెలుగు. ఉచితంగా దొరికే ఫాంట్, వ్యాపారానికి వాడుకునేందుకు లైసెన్సు అనుమతిస్తుంది, ఫీజు లేదు. ధ కింది గీతను నేను చేత్తో ఇంకాస్త లావు చేశాను. కుంచె రాతలోని ఒంపు ఇందులో తగ్గింది, అది నిజం. ఆ పాత రాతే కావాలనుకుంటే పెద్ద పోస్టర్లకూ పండగ గ్రీటింగులకూ వాడుకోవచ్చు.
>
> ఈ మార్పుకు నేను అదనంగా ఏమీ తీసుకోను. ట్రేడ్‌మార్కుకు ఇప్పటికే దరఖాస్తు పెట్టి ఉంటే మాత్రం వెంటనే చెప్పండి.
>
> జతచేసిన పేజీని ఫోనులో చూడకుండా ప్రింటు తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడండి. శుక్రవారంలోగా "కొత్తది" అనో "పాతది" అనో ఒక్క మాట రాస్తే సోమవారం ప్రెస్సుకు పంపిస్తాను.

పోయినదాన్ని ఒప్పుకున్న వాక్యం చూశారు కదా, ఒంపు తగ్గిందన్నది. దాన్ని తీసేయకండి. క్లయింటు కంటికి ముందు కనిపించేది అదే. మనం చెప్పకపోతే మిగతా ఉత్తరాన్ని కూడా అనుమానంగా చదువుతారు. చేత్తో లావు చేసిన గీత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే రేపు ఇంకెవరైనా అదే ఫాంట్ దించుకుని పేరు టైపు చేస్తే లోగోతో సరిపోదు.

వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పీడీఎఫ్ పంపండి. ఫొటోగా వెళ్తే నొక్కుకుపోయి రెండు ఫాంట్లూ ఒకేలా మసకబారతాయి, మన వాదన మనమే చెడగొట్టుకున్నట్టు.

4. ట్రేడ్‌మార్కు సంగతి తేల్చుకోండి

ఉత్తరంలో ఒక్క వాక్యమే అయినా దీని బరువు ఎక్కువ. ఆవిడ టీఎం-ఏ ఫారంలో పేరును ఉత్త మాటగా, అంటే వర్డ్ మార్కుగా పెట్టి ఉంటే ఫాంట్ మారినా చిక్కు లేదు, ఆ రక్షణ మాటకే కాబట్టి. లోగో బొమ్మను డివైస్ మార్కుగా పెట్టి ఉంటే వేరు సంగతి. దరఖాస్తులో చిన్న సవరణలకు వీలుంది గానీ గుర్తు రూపమే గణనీయంగా మారితే ఒప్పుకోరు, కొత్త దరఖాస్తు అవసరం కావచ్చు. ఏది గణనీయమో తేల్చేది మనం కాదు. ఆవిడ ట్రేడ్‌మార్కు ఏజెంటుకు పాత లోగో, కొత్త లోగో పక్కపక్కన పెట్టి పంపమనండి.

5. జవాబు వచ్చాక

"కొత్తది" అంటే అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చిన ఫైలే ప్రెస్సుకు ఇవ్వండి. బెంగళూరు ప్రెస్సుల్లో చాలా చోట్ల కన్నడ ఫాంట్లు ఉంటాయి, మనం వాడిన తెలుగు ఫాంట్ ఉండదు. అవుట్‌లైన్ చేయకపోతే ని మీద గుడి ఊడిపోవచ్చు, అక్షరాల స్థానంలో డబ్బాలు రావచ్చు. పాత ఫైళ్ళ పేర్లకు "పాతది, వాడొద్దు" అని తగిలించి, షేర్ చేసిన ఫోల్డరు నుంచి పక్కకు తీయండి. పాత లోగో ఎవరెవరి దగ్గర ఉందో క్లయింటునే అడగండి. బిల్లు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, డెలివరీ యాప్ ఖాతా చూసేవాళ్ళు, స్టాంపు చేసినతను ఇలా కనీసం ముగ్గురు తేలతారు.

"పాతదే ఉండనీయండి" అన్నా పని ఆగదు. పాత ఫాంటులోనే ధ కింది గీతను లావు చేసి, బిల్లుకూ స్టిక్కర్‌కూ మాత్రం చిన్నసైజు రూపం ఒకటి వేరుగా తయారుచేయండి. అక్షరం 6 మి.మీ. కంటే చిన్నదైతే ఏ రూపం వాడాలో ఒక కాగితం మీద రాసి ఫైళ్ళతో పాటు ఇవ్వండి. ఆ సైజుల్లో మళ్ళీ ఒక బిల్లు ముక్క తీయించి చూసుకున్నాకే ప్రెస్సుకు ఫోను చేయండి.